ఆధార్‌లో ఒక ఊరు, అద్దె ఇల్లు మరో ఊరు: బ్యాంకు ఖాతాకు దారి ఏది?
(ప్రసంగ పాఠం)



పత్రాలు నింపడంలో సహాయం కోరి మా వద్దకు వచ్చేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది. ‘ఆధార్‌లో ఉన్న ఊరు వేరు, మేము ఉంటున్న ఊరు వేరు. బ్యాంకులో ఖాతా ఇవ్వడం లేదు.’ ఉపాధి కోసం ఊరు విడిచినవారు, పెళ్లయి అత్తవారింటికి వచ్చిన ఆడపిల్లలు, ఏడాదికో అద్దె ఇల్లు మారేవారు ఈ మాట అంటూ ఉంటారు. ఈ చిక్కుకు చట్టంలోనే దారి ఉన్నది. ఆ దారిని ఒక సోదరి విషయంలో మేము ఎలా నడిచామో చెప్పి, దాని ద్వారానే నియమాలను వివరించదలచాము.

ఆ సోదరి పుట్టింటివారిది నంద్యాల. ఆమె ఆధార్‌లో తండ్రి పేరు, నంద్యాల చిరునామా ఉన్నాయి. భర్తకు విజయవాడ ఆటోనగర్‌లో పని దొరికింది. వించిపేటలో ఒక ఇంటి పైఅంతస్తులో వెనుక వాటా అద్దెకు తీసుకుని వారు మూడేళ్లుగా ఉంటున్నారు. ఆమె ఒక దుస్తుల తయారీదారు వద్ద కుట్టుపనికి కుదిరింది. కూలి డబ్బు ఖాతాలోనే వేస్తామని యజమాని చెప్పాడు. తనకు ఖాతా లేనందున ఆ డబ్బు భర్త ఖాతాకు వెళ్లేది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఆమె చేతిలో ఉండేది కాదు. తన కష్టం తన పేరున జమ కావాలని ఆమె కోరింది.

మొదటిసారి బ్యాంకుకు వెళ్లినప్పుడు, ‘మీ ఆధార్ నంద్యాలది, అక్కడే ఖాతా తెరుచుకోండి’ అన్నారు. రెండోసారి ఆమె నోటరీ చేయించిన అద్దె ఒప్పందం పట్టుకుని వెళ్లింది. అదీ చెల్లదన్నారు. మూడోసారి వెళ్లేముందు మా వద్దకు వచ్చింది.

మొదటి జవాబు తప్పు. రెండో జవాబు నియమాల ప్రకారం తప్పు కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే సగం చిక్కు వీడినట్లే.

బ్యాంకు రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతుంది. మీరు ఎవరు అన్నది మొదటిది. మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు అన్నది రెండవది. భారతీయ రిజర్వు బ్యాంకు కేవైసీపై జారీ చేసిన నిర్దేశాలలో అధికారికంగా చెల్లుబాటయ్యే పత్రాలు అంటూ ఆరింటిని పేర్కొన్నారు. అవి పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు గుర్తింపు కార్డు, ఆధార్ ఉన్నట్లు చూపే ఆధారం, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం చేసిన ఉపాధి హామీ జాబ్ కార్డు, పేరు, చిరునామాలతో జాతీయ జనాభా పట్టిక జారీ చేసిన లేఖ. వీటిలో ఏదైనా ఒకటి ఉంటే మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్లే. అందులోని చిరునామా పాతదైనంత మాత్రాన ఆ పత్రం చెల్లనిది కాదు. కనుక ఆ సోదరి ఆధార్ ఆమె ఎవరో నిరూపించడానికి పూర్తిగా సరిపోతుంది. మిగిలింది రెండో ప్రశ్న మాత్రమే.

ఆ రెండో ప్రశ్నకు రెండు రకాలుగా జవాబు చెప్పవచ్చు. ఒకటి పత్రంతో, మరొకటి సొంత ప్రకటనతో. ముందుగా పత్రం సంగతి చూద్దాం.

గుర్తింపు పత్రంలో ప్రస్తుత చిరునామా లేనప్పుడు, చిరునామా నిరూపణకు మాత్రమే పనికివచ్చే కొన్ని పత్రాలను రిజర్వు బ్యాంకు అంగీకరిస్తుంది. రెండు నెలలకు మించని విద్యుత్తు, టెలిఫోన్, పోస్ట్‌పెయిడ్ మొబైల్, పైపు గ్యాస్ లేదా నీటి బిల్లు వాటిలో మొదటిది. ఆస్తి పన్ను లేదా పురపాలక పన్ను రసీదు మరొకటి. చిరునామా ఉన్న ప్రభుత్వ పింఛను ఉత్తర్వు, ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు, స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల వంటి యజమానులు ఇచ్చే నివాస కేటాయింపు లేఖ కూడా ఈ కోవలోనివే. వీటిలో ఒకటి ఇచ్చి ఖాతా తెరిచినవారు, మూడు నెలలలోపు కొత్త చిరునామాతో కూడిన గుర్తింపు పత్రాన్ని బ్యాంకుకు సమర్పించాలి.

ఈ జాబితాలో లేనివాటిని గమనించండి. ప్రైవేటు ఇంటి యజమానితో రాసుకున్న అద్దె ఒప్పందం ఇందులో లేదు, నోటరీ చేయించినా సరే. రేషన్ కార్డు లేదు. గ్యాస్ సిలిండర్ రసీదు లేదు, పైపు గ్యాస్ బిల్లు మాత్రమే ఉన్నది. పాన్ కార్డు మీద చిరునామాయే ఉండదు. కార్పొరేటర్ ఇచ్చే ఉత్తరం కూడా ఇందులో లేదు. మనవారు డబ్బు ఖర్చు పెట్టి తెచ్చుకునేవి ఎక్కువగా ఈ లేనివే. అందుకే, ఎంత చెప్పినా వినడం లేదని బ్యాంకు సిబ్బందిపై కోపగించుకుని ఇంటిముఖం పడతారు. ఆ సోదరి అద్దె ఒప్పందం విషయంలో జరిగింది ఇదే.

మరి ఆమెకు జాబితాలోని పత్రం ఏదైనా దొరుకుతుందా? కరెంటు బిల్లు ఇంటి యజమాని మరణించిన తండ్రి పేరున ఉన్నది. నీటి కుళాయి కనెక్షన్ కూడా ఆయన పేరునే. యజమాని కాగితం మీద ఏదీ రాసివ్వడానికి ఇష్టపడలేదు. రాసిస్తే రేపు ఇల్లు ఖాళీ చేయరేమోనన్నది ఆయన భయం. అసలు ముస్లిం కుటుంబానికి అద్దెకు ఇల్లు దొరకడమే ఎంత కష్టమో మీకు తెలుసు. దొరికిన ఇంటి యజమానితో కాగితాల కోసం తగవు పెట్టుకునే స్థితి ఎవరికీ ఉండదు. ఆమె ఫోను ప్రీపెయిడ్‌ది. కనుక పత్రం అనే దారి ఆమెకు మూసుకుపోయింది.

ఇక సొంత ప్రకటన అనే దారి. మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద రూపొందిన నియమాలను కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో సవరించింది. ఊరు మారి పనిచేసుకునేవారికి ఆ సవరణ నేరుగా ఉపయోగపడుతుంది. దాని సారాంశం ఇది. ఖాతా కోసం మీరు ఆధార్ సంఖ్య ఇచ్చి, బ్యాంకు ఈ-కేవైసీ విధానంలో దానిని ధ్రువీకరించినప్పుడు, ఆధార్ నిక్షేపంలో నమోదైన చిరునామాకు భిన్నమైన ప్రస్తుత చిరునామా ఇవ్వదలిస్తే, ఆ మేరకు మీరు స్వయం ప్రకటన ఇవ్వవచ్చు. రిజర్వు బ్యాంకు నిర్దేశాలలో కూడా ఈ మాట ఉన్నది. ఇక్కడ కరెంటు బిల్లు అక్కరలేదు. ఇంటి యజమాని సంతకం అక్కరలేదు.

అయితే ఇందులో ఒక షరతు ఉన్నది. దానిని మరిచిపోవడం వల్లే చాలామంది ఈ దారిలోనూ వెనుదిరుగుతారు. ఆధార్ జెరాక్సు ఇచ్చినంత మాత్రాన ఈ వెసులుబాటు రాదు. ఈ-కేవైసీ ధ్రువీకరణ జరగాలి. అంటే బ్యాంకు యంత్రంపై వేలిముద్ర వేయడం ద్వారానో, ఇతర ఆమోదిత పద్ధతిలోనో మీ వివరాలు ఆధార్ సంస్థ నుండి నేరుగా బ్యాంకుకు చేరాలి. జెరాక్సు మాత్రమే తీసుకుంటే అది ఈ నియమం కిందికి రాదు. అప్పుడు బ్యాంకు కరెంటు బిల్లు వంటి పత్రం అడిగితే తప్పు పట్టలేము. కనుక బ్యాంకులో కూర్చోగానే చెప్పవలసిన మాట ఒకటే: ‘నా ఖాతాను ఆధార్ ఈ-కేవైసీ ద్వారా తెరవండి. ప్రస్తుత చిరునామాకు స్వయం ప్రకటన ఇస్తాను.’

ఇంట్లో కూర్చుని ఫోనులో ఓటీపీతో తెరిచే ఖాతా వేరు. ముఖాముఖి పరిశీలన లేని ఆ ఖాతాలో నిల్వ లక్ష రూపాయలకు మించరాదు. ఆర్థిక సంవత్సరంలో జమలు రెండు లక్షలకు మించరాదు. ఏడాదిలోపు పూర్తి కేవైసీ చేయించకపోతే ఖాతా మూతపడుతుంది. శాఖకు వెళ్లి తెరిచినది మేలు అని మేము చెప్పేది అందుకే.

ఆ సోదరి కోసం మేము ఒక తెల్లకాగితంపై రాసిన ప్రకటన ఇలా ఉన్నది. అవసరమైనవారు రాసుకోండి.

‘శాఖా ప్రబంధకుల వారికి. నా ఆధార్‌లో నమోదైన చిరునామా నంద్యాలలోనిది. మూడేళ్లుగా నేను ఈ క్రింద తెలిపిన విజయవాడ చిరునామాలో నివసిస్తున్నాను. ఆధార్ ఈ-కేవైసీ ధ్రువీకరణ ద్వారా నా పొదుపు ఖాతా తెరుస్తున్నందున, ఆధార్‌లోని చిరునామాకు భిన్నమైన ఈ చిరునామాను నా ప్రస్తుత చిరునామాగా నమోదు చేయవలసిందిగా కోరుతూ ఈ స్వయం ప్రకటన ఇస్తున్నాను. ఈ వివరాలు నిజమైనవి. చిరునామా మారితే తెలియజేస్తాను.’ దాని కింద పూర్తి చిరునామా, ఫోను నంబరు, తేదీ, సంతకం.

రెండు ప్రతులు రాశాము. ఒకటి బ్యాంకుకు, రెండవది తేదీతో ముద్ర వేయించుకుని మన వద్ద ఉంచుకోవడానికి. అసలు ఆధార్ కార్డు, ఫొటోలు ఆమె వెంట తీసుకువెళ్లింది. పాన్ కార్డు లేనందున దాని బదులు ఇచ్చే ప్రకటన పత్రాన్ని బ్యాంకులోనే నింపింది. దరఖాస్తులో శాశ్వత చిరునామా అన్నచోట ఆధార్‌లో ఉన్నట్లే నంద్యాల, ప్రస్తుత చిరునామా అన్నచోట వించిపేట రాయించాము. ఈ రెండు గడులను తారుమారు చేయరాదు. రెండుచోట్లా విజయవాడ అని రాస్తే ఈ-కేవైసీలో వచ్చిన వివరంతో అది సరిపోలదు, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

కౌంటరులో ఉన్న ఉద్యోగి మొదట సందేహించాడు. ఆయన సందేహంలో దురుద్దేశం లేదు. వలస కార్మికుల పేరున ఖాతాలు తెరిపించి, సైబర్ మోసాల డబ్బు వాటి గుండా నడిపే ముఠాలు ఉన్నాయి. అటువంటి ఖాతా బయటపడితే తెరిచిన ఉద్యోగినే ముందు అడుగుతారు. ఆ భయాన్ని మనం అర్థం చేసుకోవాలి. కాని భయానికి విరుగుడు పరిశీలన. తిరస్కరణ కాదు. ఆ మాటే శాఖాధికారికి మర్యాదగా చెప్పాము. బ్యాంకు తన వంతుగా ఆ చిరునామాకు ఉత్తరం పంపవచ్చు, మనిషిని పంపి చూడవచ్చు, ఫోను చేయవచ్చు. అధికారి ప్రకటన చదివి, ఈ-కేవైసీ చేయమన్నారు.

అక్కడ మరో అడ్డంకి ఎదురైంది. ఆమె వేలిముద్ర పడలేదు. సూది, కత్తెరలతో, సబ్బునీళ్లతో నిత్యం పనిచేసే చేతుల గీతలు అరిగిపోతాయి. చేతులు కడిగి, తుడిచి, ఒక్కొక్క వేలూ పెట్టించగా ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. ఏ వేలూ పడకపోతే ఏమిటన్న ప్రశ్న మీలో కొందరికి రావచ్చు. గాయం, అనారోగ్యం, వృద్ధాప్యం లేదా అటువంటి ఇతర కారణాల వల్ల ఈ-కేవైసీ సాధ్యం కానప్పుడు, బ్యాంకు ఆఫ్‌లైన్ పద్ధతిలో ఆధార్‌ను సరిచూడాలి, లేదా మరో గుర్తింపు పత్రం తీసుకోవాలి. వేలిముద్ర పడలేదని తిప్పి పంపడం నియమం కాదు.

ఖాతా తెరుచుకున్నది. కథ అంతటితో ముగియలేదు. పది రోజులైనా ఏటీఎం కార్డు రాలేదు. విచారిస్తే, ఇల్లు దొరకలేదన్న గుర్తుతో కవరు తిరిగి వెళ్లిందని తెలిసింది. చిరునామాలో ఇంటి నంబరు, వీధి పేరు మాత్రమే ఉన్నాయి. ఆ నంబరుతో ఒకే మెట్లదారిలో అయిదు కుటుంబాలు ఉంటున్నాయి. ఇది చిన్న విషయం అనుకోకండి. బ్యాంకు దృష్టిలో తిరిగివచ్చిన కవరు అంటే ఆ చిరునామాలో ఆ మనిషి లేరని అర్థం. సొంత మాట మీద నమోదైన చిరునామాకు అదే పెద్ద దెబ్బ. అందుకే ప్రకటనలో చిరునామాను తపాలా మనిషి వెతుక్కునే తీరులో రాయాలి. ఇంటి యజమాని పేరు, ఏ అంతస్తు, ముందు వాటానా వెనుక వాటానా, దగ్గరి గుర్తు, పిన్‌కోడ్, ఫోను నంబరు ఉండాలి. ఆమె మరుసటి రోజే శాఖకు వెళ్లి చిరునామాను ఆ విధంగా సవరింపజేసి, కార్డును శాఖలోనే స్వయంగా తీసుకున్నది.

ఇప్పుడు మరికొన్ని ప్రశ్నలకు జవాబు చెబుతాము.

ముందుగా ఆధార్‌లోనే చిరునామా మార్పించుకోవచ్చు కదా అంటారు. వీలున్నవారు తప్పక మార్పించుకోవచ్చు. మీరు ఉంటున్న ఇంటి చిరునామా ఇప్పటికే భర్త, తండ్రి, తల్లి వంటి దగ్గరివారి ఆధార్‌లో ఉంటే, వారిని కుటుంబ పెద్దగా చూపి, మీ ఆధార్‌లో అదే చిరునామా పెట్టించుకునే సదుపాయాన్ని ఆధార్ సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. బంధుత్వం చూపే పత్రం కావాలి. అది లేకపోతే కుటుంబ పెద్ద నిర్ణీత నమూనాలో ప్రకటన ఇవ్వవచ్చు. ఆయన తన ఆధార్ పోర్టల్‌లో ముప్పై రోజులలోపు ఆమోదించాలి. ఆమోదించకపోతే అభ్యర్థన ముగిసిపోతుంది, కట్టిన రుసుము తిరిగి రాదు. ఈ సోదరి విషయంలో భర్త ఆధార్ కూడా పాత ఊరిదే కనుక ఆ దారి అప్పుడు పనికిరాలేదు. పైగా, రేషన్ కార్డు, ఓటు, తల్లిదండ్రుల ఇల్లు ఉన్న ఊరితో కాగితం మీది బంధం తెంచుకోవడానికి చాలామంది ఇష్టపడరు. అది వారి నిర్ణయం. ఈ-కేవైసీతో ఖాతా తెరిచేవారు అందుకోసం ఆధార్‌ను మార్పించుకునే తీరాలన్న షరతు లేదు.

ఏ గుర్తింపు పత్రమూ చేతిలో లేనివారి మాటేమిటి? వారికి చిన్న ఖాతా అనేది ఉన్నది. బ్యాంకు అధికారి ఎదుట ఫొటో ఇచ్చి, సంతకమో వేలిముద్రో వేసి తెరవవచ్చు. అందులో నిల్వ ఎప్పుడూ 50,000 రూపాయలు దాటరాదు. నెలలో తీసే, పంపే మొత్తం 10,000 దాటరాదు. ఆర్థిక సంవత్సరంలో జమలు లక్ష దాటరాదు. అది పన్నెండు నెలలు నడుస్తుంది. ఈలోగా గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసినట్లు చూపితే మరో పన్నెండు నెలలు కొనసాగుతుంది. చేతిలో ఆధార్ ఉన్నవారు మాత్రం ఈ ఖాతాతో సరిపెట్టుకోనక్కరలేదు. సిబ్బంది సులభమని దీనిని సూచించినా, పూర్తి కేవైసీ ఖాతానే అడగండి.

ఇప్పటికే ఖాతా ఉండి, ఇల్లు మారినవారు ఏం చేయాలి? కేవైసీ నవీకరణ సమయంలో కొత్త చిరునామాను స్వయం ప్రకటనతో ఇవ్వవచ్చు. బ్యాంకు దానిని రెండు నెలలలోపు ఉత్తరం ద్వారానో, మనిషిని పంపో నిర్ధారించుకుంటుంది. ఇచ్చిన పత్రాలలో ఏదైనా మార్పు జరిగితే ముప్పై రోజులలోపు బ్యాంకుకు తెలపడం ఖాతాదారు బాధ్యత.

ఇంత చేసినా ఖాతా నిరాకరిస్తే? నోటి మాటతో తిరిగి రావద్దు. దరఖాస్తును, ప్రకటనను శాఖలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. నిరాకరణకు కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. సామాన్య ప్రజలకు, ముఖ్యంగా ఆర్థికంగా, సామాజికంగా వెనుకబడినవారికి బ్యాంకు సేవలు అందకుండా చేసేలా ఏ బ్యాంకు విధానమూ ఉండరాదని రిజర్వు బ్యాంకు నిర్దేశాలే చెబుతున్నాయి. ఆ కాగితంతో ముందు అదే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. ఎలా చేయాలో తెలుసుకోవడానికి 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. బ్యాంకును ముందుగా అడగకుండా నేరుగా అక్కడికి వెళితే మాత్రం ఫిర్యాదు తిరిగి వస్తుంది.

చివరిగా ఒక హెచ్చరిక. కొంత డబ్బు తీసుకుని మరొకరి కరెంటు బిల్లులో పేరు మార్చి ఇచ్చే మధ్యవర్తులు ఉన్నారు. స్వయం ప్రకటన మన మాటను నమ్మి ఇచ్చిన వెసులుబాటు. నిజంగా ఉంటున్న ఇంటినే అందులో రాయాలి. దొంగ పత్రం బయటపడిన రోజున ఖాతా ఆగిపోతుంది, కేసు ఆ ఖాతాదారు మీదనే పడుతుంది. తెల్లకాగితంతో న్యాయంగా దొరికేదానికి దొంగ కాగితం కొనుక్కోవడం ఎందుకు?

ఆ సోదరి మొదటి కూలి జమ అయిన రోజున పాసుపుస్తకం పట్టుకుని మా వద్దకు వచ్చింది. మొదటి పుటలో ఆమె పేరు, దాని కింద వించిపేట చిరునామా అచ్చయి ఉన్నాయి. మూడేళ్లుగా ఉంటున్న ఇంటి చిరునామా తన పేరుతో ఒక కాగితం మీద కనబడటం ఇదే మొదటిసారి అని చెప్పింది. ఆ పుస్తకంలో జమ పక్కన ఉన్న అంకెలను ఆమె తన వేలితో చూపిస్తూ మాకు చదివి వినిపించింది.

సెలవు. ఖుదా హాఫిజ్.